ఫోటో పోయింది, దాని కింద రాయాల్సిన మాటలు మాత్రం రాయాలి - సిరిమాను ఫోటోతో నా అనుభవం

మా తాతయ్య వాళ్ల పాత ఫోటోలన్నీ కలిపి ఇంట్లోవాళ్ల కోసం ఒక చిన్న పుస్తకం వేద్దాం అనుకున్నాం. ఒక్కో ఫోటో, కింద రెండు మూడు లైన్లు, అంతే. అన్నీ దొరికాయి కానీ ఇంట్లో అందరూ ముందు అడిగేది మాత్రం దొరకలేదు, అదే విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఫోటో. తాతయ్య మేడ మీద నించుని తీసింది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు పైకప్పు కారి ట్రంకుపెట్టెలోకి నీళ్లు దిగాయి, ఆల్బమ్ మొత్తం ఉబ్బి ముద్దయిపోయింది. పాత బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ మీద బొమ్మ ఉండేది జెలటిన్ పొరలో, అది నానితే మెత్తబడి ఎదురు పేజీకి అంటుకుపోతుంది, ఎండాక లాగితే పొర అటు కాగితం ఇటు వచ్చేస్తాయి. ఈ ఫోటోకీ అదే జరిగింది. మిగిలింది నల్ల అట్ట పేజీ, దాని మీద నాలుగు మూలలు అతికించిన గుర్తులు, కింద తెల్ల పెన్సిల్‌తో తాతయ్య రాసిన "సిరిమాను" అన్న ఒక్క మాట. ఏ సంవత్సరమో లేదు, ఎవరెవరో లేదు.

పుస్తకంలో ఆ చోట ఖాళీ గడి వేసి, దాని కింద ఆ ఫోటోలో ఏముండేదో రాద్దాం అని నేనే అన్నాను, పని నా మీదే పడింది. ఇలాంటి పని ఇంకెవరికైనా పడితే పనికొస్తుందని ఎలా చేశానో వివరంగా రాస్తున్నా.

సిరిమాను చూడనివాళ్ల కోసం కొంచెం చెప్తాను, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం జరుగుతుంది. యాభై అరవై అడుగుల చింతమానుని బండికి కట్టి, దాని కొసన పూజారి కూర్చుంటే, చదురుగుడి దగ్గర్నించి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. దానికి ముందు ఈటెలు పట్టుకున్న పాలధార జట్టు, చక్రాల బండి మీద తెల్ల ఏనుగు బొమ్మ, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. జనం మాను మీదకి అరటిపళ్లు విసురుతారు. ఇదంతా ఏటా ఇలాగే, ఇదే వరసలో జరుగుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పెళ్లి ఫోటో అయితే పెళ్లి ఒక్కసారే జరుగుతుంది కాబట్టి గుర్తున్నదంతా ఆ రోజుదే. సిరిమాను ఏడాదికోసారి వస్తుంది, మా వాళ్లు చిన్నప్పట్నించీ డెబ్భై ఏళ్ల దాకా చూస్తూనే ఉన్నారు. ఫోటోలో ఏముండేది అని అడిగితే వాళ్లు చెప్పేది ఆ ఫోటో గురించి కాదు, ఉత్సవం గురించి. మా పెదనాన్న మొదటిసారి ఫోన్‌లో పావుగంట చెప్పారు, పూజారి చేతిలో విసనకర్ర, డప్పులు, పాలధార వాళ్ల ఈటెలు, తోపులాట, పోలీసులు, అన్నీ. ఎంత బాగా చెప్పారంటే కళ్లకి కట్టింది. కానీ అందులో ఫోటోలోవి ఎన్ని, తర్వాత నలభై ఏళ్లు చూసినవి ఎన్ని అని చూసుకుంటే ఏదీ విడదీసే దారి లేదు. డప్పుల చప్పుడు ఫోటోలో ఉండదు కదా, అక్కడే అర్థమైంది.

అందుకని ముందు మనుషుల్ని ఎంచుకున్నాను. ఆ రోజు మేడ మీద ఉండి తర్వాత ఫోటో కూడా చూసినవాళ్లు ఇద్దరు, పెదనాన్న (అప్పటికి పద్నాలుగేళ్లు), అత్తయ్య (ఎనిమిదేళ్లు). మూడోవాడు మా చిన్నబాబాయి, ఆయన ఫోటోలోనే ఉన్నాడు కానీ నాన్నమ్మ చంకలో పసివాడు, ఆ రోజుది ఆయనకి ఏమీ గుర్తుండే అవకాశం లేదు. మొదట్లో మా ఇంట్లో వాళ్లు "వాడికేం తెలుసే, వాడు అప్పటికి గుంటడు" అని కొట్టిపారేశారు. కానీ నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆయన మాటే. ఆ రోజు గురించి ఆయనకున్నదంతా ఆ చిన్న కాగితం ముక్కలో చూసిందే, పైగా అందులో తను ఉన్నాడు కాబట్టి చిన్నప్పుడు ఆ పేజీ తీసి పదేపదే చూసుకున్నాడు.

ముగ్గుర్నీ విడివిడిగా అడిగాను. పెదనాన్న, అత్తయ్య రోజూ సాయంత్రం ఫోన్‌లో మాట్లాడుకుంటారు, ఈ పని అయ్యేదాకా ఫోటో ముచ్చట మాత్రం వద్దని బతిమాలుకున్నాను, ఎందుకంటే ఒకరు చెప్పింది ఇంకొకరు విన్నారంటే మర్నాటికి అది వాళ్లకి కూడా "గుర్తొచ్చేస్తుంది". అది అబద్ధమాడ్డం కాదు, జ్ఞాపకం అలాగే పని చేస్తుంది.

అడగడంలో ఒకటే పట్టుకున్నాను. "ఏనుగు ఉందా?" అని నేను అడగకూడదు. అలా అడిగితే సిరిమానులో ఏనుగు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి "ఉందమ్మా" అనే వస్తుంది. ఒక తెల్లకాగితం మీద ఖాళీ గడి గీసి ఇచ్చి, ఇదే ఫోటో అనుకోండి, మీ వేలు పెట్టి చెప్పండి అన్నాను. ముందు అంచులు. ఎడమ అంచు దగ్గర ఏముంది, కుడి అంచు దగ్గర ఏముంది, పైన ఏది తెగిపోయింది, కింద ఏది సగమే పడింది. ఉత్సవం గుర్తున్న మనిషికి అంచులు గుర్తుండవు, ఎందుకంటే కళ్లతో చూసేటప్పుడు అంచు అనేదే లేదు. సగం తెగిన బొమ్మ ఎవరైనా చెప్పారంటే అది కాగితం మీద చూసిందే.

పెదనాన్నకి అంచుల దగ్గర ఏమీ తట్టలేదు, మళ్లీ మధ్యలోకి, మాను మీదకి వెళ్లిపోయారు. అత్తయ్య కాసేపు ఆలోచించి కింద వేలు పెట్టి, "ఇక్కడ పిట్టగోడ ఉండేదమ్మా, దాని మీద నా రెండు జడలు, వెనకనించి. నా మొహం పడలేదని ఏడ్చాను" అంది. బాబాయికి ఫోన్‌లో గడి ఫోటో పంపితే వెంటనే ఎడమ అంచు మీద గీత గీసి పంపాడు, "ఇక్కడ తెల్ల ఏనుగు వెనకభాగం, ఒక చక్రం. తల పడలేదు. చిన్నప్పుడు ఆ ఏనుగు తల కోసం ఫోటో పక్కకి వంచి చూసేవాణ్ణి" అన్నాడు. ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు అక్కర్లేదు అనిపించింది.

ఆ తెగిన ఏనుగు నుంచి ఇంకొకటి కూడా తేలింది. మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి మాను కోటకి వెళ్తున్నప్పటి ఫోటోనా తిరిగొస్తున్నప్పటిదా అని మా వాళ్లలో ఎప్పట్నించో రెండు మాటలున్నాయి. మా మేడ మీద నించుని రోడ్డు వైపు చూస్తే కోట ఎడమవైపు. ఏనుగు మానుకి ముందు నడుస్తుంది. ఏనుగు వెనకభాగం ఎడమ అంచులో ఉండి తల ఫ్రేము బయటకి పోయిందంటే ఊరేగింపు ఎడమకి, అంటే కోట వైపు పోతోందని. పెదనాన్న తిరిగొచ్చేటప్పుడే అన్నారు కానీ ఎందుకలా అనుకుంటున్నారంటే "చీకటి పడిపోతోంది కదా" అన్నారు. అది ఆ రోజు గురించే అయ్యుండొచ్చు, ఫోటో గురించి కాదు. ఎన్నో తిరుగుడో మాత్రం తేలలేదు, అందుకే రాయలేదు.

ఇప్పుడు మచ్చల సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం.

అత్తయ్య ఏదో మాటల్లో "పైన మచ్చలుండేవి, స్టూడియోవాడు సరిగ్గా కడగలేదని నాన్న విసుక్కునేవారు" అంది. పెదనాన్న మచ్చల ఊసే ఎత్తలేదు. బాబాయి "అవి మచ్చలు కావు, అరటిపళ్లు" అన్నాడు. మాను మీదకి పళ్లు విసురుతారు కాబట్టి బాబాయి చెప్పింది వినడానికి బాగుంది, రాయడానికి ఇంకా బాగుంది. కానీ బాగుందని రాసేస్తే ఎలా? బాబాయి కూడా పెద్దయ్యాక ఎన్నో సిరిమానులు చూశాడు, మచ్చల్ని పళ్లు అని తనే అనుకుని ఉండొచ్చు.

అప్పుడు ఫోటో కడిగే పద్ధతి ఆలోచించాను. నెగటివ్ మీద దుమ్ము పడితే ప్రింట్ వేసేటప్పుడు ఆ చోట వెలుగు కాగితం దాకా చేరదు, వెలుగు తగలని చోట కాగితం తెల్లగానే ఉండిపోతుంది. అంటే దుమ్ము వల్ల వచ్చేవి తెల్ల మచ్చలు. అదే పళ్లయితే వెనక ఉన్నది ఆకాశం, బ్లాక్ అండ్ వైట్‌లో ఆకాశం ఇంచుమించు తెల్లగా పడుతుంది, దాని ముందు ఏ వస్తువైనా నల్లగానే కనిపిస్తుంది. నెగటివ్ పొరలో చిన్న రంధ్రాలున్నా నల్ల చుక్కలు వస్తాయి నిజమే, కానీ అవి గుండ్రంగా సూదిమొనంత ఉంటాయి, ఎక్కడపడితే అక్కడ ఉంటాయి.

అందుకని అత్తయ్యని అరటిపండు మాట ఎత్తకుండా అడిగాను. అత్తయ్యా, ఆ మచ్చలు తెల్లగా ఉండేవా నల్లగా ఉండేవా? "నల్లగానే." చుక్కల్లా ఉండేవా? "కాదమ్మా, కొంచెం సాగినట్టు, ఒకటి రెండు వంకరగా కూడా." ఫోటో అంతటా ఉండేవా? "లేదు లేదు, మాను పక్కనే. కింద మన మీదేం లేవు." నల్లగా, సాగినట్టు, మాను చుట్టూ మాత్రమే. అలాంటి మామూలు కెమెరాలో షట్టర్ నెమ్మదిగా ఉంటుంది, ఎగిరే పండు ఉన్నచోటే గీతలా సాగి పడుతుంది. ఆమెకి తెలియకుండానే ఆమె చెప్పింది పళ్ల గురించే. అది కాప్షన్‌లోకి వెళ్లింది.

తర్వాత మనుషుల పేర్లు. ఇక్కడే ఎక్కువ గొడవ. పెదనాన్న "కింద జనంలో మన వీధి చివర టైలరుగారు, ఆయన పక్కన వాళ్ల తమ్ముడు, అటు బురుజు మీద రాజావారి కుటుంబం" అని ఒక్కొక్కరినీ చెప్పుకుంటూ పోయారు. సిరిమాను రోజు పూసపాటివాళ్లు కోట బురుజు మీద కూర్చుని చూడడం ఆనవాయితీయే, అబద్ధం కాదు. కానీ ఫోటోలో కనిపించేవాళ్లా?

ఇక్కడ ఆ నాలుగు మూలల గుర్తులు అక్కరకొచ్చాయి. స్కేలు పెట్టి కొలిస్తే ఇంచుమించు ఏడు సెంటీమీటర్ల చదరం, తెల్ల అంచు తీసేస్తే బొమ్మ ఆరు సెంటీమీటర్లు. తాతయ్య దగ్గరున్నది ఆగ్ఫా క్లిక్ త్రీ, ఒక రీలుకి ఆరు బై ఆరు సెంటీమీటర్ల ఫోటోలు పన్నెండు వస్తాయి. అంటే ఇది పెద్దది చేయించిన ప్రింట్ కాదు, నెగటివ్‌ని కాగితం మీద పెట్టి ఉన్నంత సైజులోనే తీసిన కాంటాక్ట్ ప్రింట్. ఆ కెమెరాలో లెన్స్‌కి ఫిల్ముకి మధ్య దూరం సుమారు ఏడు సెంటీమీటర్లు. లెక్క చాలా తేలిక, మనిషి ఎత్తుని ఏడు సెంటీమీటర్లతో హెచ్చవేసి మనిషి దాకా ఉన్న దూరంతో భాగించాలి. ఇరవై మీటర్ల దూరంలో రోడ్డు మీదున్న మనిషి ప్రింట్‌లో ఐదారు మిల్లీమీటర్లు, అంటే బియ్యపుగింజంత. మొహం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. బురుజు ఇంకా ఎంత దూరమో చెప్పక్కర్లేదు. ఆ ప్రింట్‌లో టైలరుగారిని గుర్తుపట్టడం ఎవరివల్లా కాదు. పెదనాన్న వాళ్లని చూశారు, మేడ మీదనించి చూశారు, ఫోటోలో కాదు.

అదే మూడు నాలుగు మీటర్లలో పిట్టగోడ దగ్గరున్నవాళ్ల మొహం నాలుగైదు మిల్లీమీటర్లు వస్తుంది, ఇంట్లోవాళ్లు ఇంట్లోవాళ్లని గుర్తుపట్టడానికి అది చాలు. కాబట్టి పేర్లు పిట్టగోడ దగ్గరున్నవాళ్లకే, ఎడమ నుంచి కుడికి. కింద జనానికి పేర్లు లేవు.

ఈ మాట పెదనాన్నకి చెప్పడానికి కొంచెం ఆలోచించాను, పెద్దాయన. లెక్కేసిన కాగితం పట్టుకుని వెళ్లి, పెదనాన్నా, మీరు చెప్పినవి తీసేయట్లేదు, కాప్షన్‌లో కాకుండా పక్క పేజీలో "ఆ రోజు మేడ మీదనించి చూసింది" అని మీ పేరుతో వేస్తాను అన్నాను. ఆయన కాగితం చాలాసేపు చూసి "ఏటే, అలగయితే విసనకర్ర కూడా పక్క పేజీలోనే వెయ్యి, మొహమే కనపడకపోతే విసనకర్ర ఏటి కనపడతాది" అన్నారు. నేను అడక్కుండానే ఆయనే విడదీశారు.

జనం ఎంతమంది అన్నది తర్వాత. అందరూ "లక్షల్లో" అన్నారు, ఉత్సవానికి లక్షల్లో వస్తారు కూడా. కానీ ఆ ఫ్రేములో పడింది మా ఇంటి ముందు రోడ్డు ముక్క, ఓ పాతిక మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు అనుకుందాం. చదరపు మీటరుకి నలుగురు చొప్పున కిక్కిరిసి నించున్నా వెయ్యిమంది. లక్షలు అని రాస్తే ఫోటోలో లక్షలు కనిపించేవని అర్థమవుతుంది. అంకె అసలు వేయకుండా ముగ్గురూ ఒకేలా చెప్పిన దాన్ని పెట్టాను, రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తలలే, నేల కనిపించదు అని.

సంవత్సరం. బాబాయి పుట్టింది 1969 జనవరి. ఫోటోలో చంకలో ఉన్నాడు, నెత్తిన చిన్న పిలక కట్టారట, అంటే పుట్టువెంట్రుకలు తీయకముందు. సింహాచలంలో వెంట్రుకలు తీయించింది మూడో ఏట, 1971 ఎండాకాలంలో, అది ఇంటి పద్దుల పుస్తకంలో ఉంది. కాబట్టి ఆ మధ్య వచ్చిన దసరాలు రెండే, 1969, 1970. పిలక కట్టేంత జుట్టు ఉందంటే 1970 కావచ్చని నాకనిపిస్తుంది కానీ తొమ్మిది నెలల పిల్లాడికీ జుట్టు ఉండొచ్చు, అందుకే రెండూ రాశాను. ఇంకోటి, విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్‌లో. మా తమ్ముడు టైప్ చేసేటప్పుడు అలవాటుగా "విజయనగరం జిల్లా" అని కొట్టేశాడు, తీయించి "అప్పటి విశాఖపట్నం జిల్లా" అని పెట్టించాను.

రాశాక వెంటనే ప్రెస్‌కి ఇవ్వలేదు. రాయపూర్‌లో ఉండే మా చిన్నతాతయ్యగారబ్బాయి ఆ ఆల్బమ్ చాలాసార్లు చూసినవాడు, ఈ గొడవలో ఎక్కడా లేనివాడు. ఆయనకి సిరిమాను అన్న మాట, పేర్లు తీసేసి మిగతాది చదివి వినిపించి ఇది ఏ ఫోటో బాబాయ్ అని అడిగాను. "నాన్నమ్మ చంకలో చంటివాడున్నది, సిరిమాను" అని టక్కున చెప్పి, "పైన కరెంటు తీగ అడ్డంగా ఉండేది, అది రాయలేదేం?" అన్నాడు. తీగ గురించి మిగతా ముగ్గుర్నీ విడిగా అడిగాను, "మాను కొసకి, పై అంచుకి మధ్య ఏమైనా ఉండేదా" అని. చిన్నబాబాయి తీగ అన్నాడు, అత్తయ్య "గీత ఒకటి ఉండేది, నెగటివ్ గీరుకుందేమో" అంది. ఇద్దరు చాలు, చేర్చాను. గొడుగు ఒకటి ఉండేదని అత్తయ్య ఒక్కర్తే అంది, ఇంకెవరూ అనలేదు, అది వదిలేశాను.

చివరికి ఖాళీ గడి కింద అచ్చయింది ఇది:

"సిరిమాను. విజయనగరం (అప్పటి విశాఖపట్నం జిల్లా), 1969 లేదా 1970, దసరా తర్వాతి మంగళవారం. ఇంటి మేడ మీదనించి తాతయ్య తీసిన ఫోటో, ఆరు సెంటీమీటర్ల చదరం, బ్లాక్ అండ్ వైట్. కింద పిట్టగోడ దగ్గర, ఎడమనుంచి: రెండు జడలతో వెనక్కి తిరిగి అత్తయ్య, పక్కన పెదనాన్న, కుడి చివర ఒక పక్కకి తిరిగి నాన్నమ్మ, చంకలో పిలకతో చిన్నబాబాయి. మధ్యలో రోడ్డు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తలలు, నేల కనిపించదు. ఎడమ అంచులో తెల్ల ఏనుగు వెనకభాగం, ఒక చక్రం. తల ఫ్రేము బయట. కుడివైపు ఏటవాలుగా సిరిమాను, కొసన పూజారి, మొహం తెలియదు. మాను చుట్టూ గాల్లో జనం విసిరిన అరటిపళ్లు. పైన అడ్డంగా ఒక తీగ. ఊరేగింపు కోట వైపు వెళ్తోంది. 2014 తుఫానులో ఫోటో పాడైపోయింది. చూసిన నలుగురు చెప్పిన దాన్నిబట్టి రాసింది."

ఆఖరి వాక్యం పెట్టొద్దని మా ఇంట్లో ఇద్దరు అన్నారు, చదవడానికి బాగోదట. నేను ఒప్పుకోలేదు. అది లేకపోతే రేపు ఎవరైనా మేం ఫోటో ముందు పెట్టుకుని రాశామనుకుంటారు, ఇందులో ఒక్క ముక్క తప్పని తేలినా దేన్ని నమ్మాలో తెలియదు.

ఇంకొకటి మిగిలింది. ఆ రోజుల్లో కాంటాక్ట్ ప్రింట్లు ఒకటికి రెండు తీయించి చుట్టాలకి ఇచ్చేవారు, నెగటివ్‌లు కూడా కవర్లో పెట్టి దాచేవారు. అనకాపల్లిలో తాతయ్య చెల్లెలుగారింట్లో పాత పెట్టె ఒకటి ఇంకా తెరవలేదని తెలిసింది. వచ్చే నెల వెళ్తున్నా. ప్రింట్ దొరికితే పక్కన పెట్టి కాప్షన్‌లో ఏది కలిసింది ఏది కలవలేదు అన్నది ఒక్కో వాక్యం చూసి, అది కూడా రాస్తాను.